మూడు వాషర్లు, ఒక చుక్క

ఇల్లు కొన్నవాడికి మొదటి నెలల్లో నిద్ర పట్టకుండా చేయడానికి బ్యాంకు వాయిదా ఒక్కటే చాలు. మాకు దానికి తోడు స్నానాలగదిలో ఒక చుక్క కూడా ఉండేది.

విజయనగరంలో అయ్యకోనేరు వైపు, పన్నెండేళ్ల కిందట కట్టిన ఇల్లు కొన్నాం. మాకు కొత్త, ఇంటికి పాత. వేసవి సెలవుల్లో గృహప్రవేశం చేసుకుని చేరాం. చేరిన పదిరోజులకే స్నానాలగదిలో బకెట్టు నింపుకునే ఇత్తడి కుళాయి కారడం మొదలుపెట్టింది. ధారగా కాదు, చుక్కచుక్కగా. రాత్రి పదింటికి కింద రెండు లీటర్ల మగ్గు పెడితే, తెల్లవారి ఆరింటికి నిండి పొర్లడానికి సిద్ధంగా ఉండేది. నేను బడిలో లెక్కలు చెబుతాను కాబట్టి ఊరుకోలేక రోజుకు ఆరు లీటర్లని తేల్చి మా ఆవిడకు చెప్పాను. "లెక్క సరే, ఆపేది ఎవరు?" అంది.

మొదటిసారి నేనే ఆపాను. గంటస్తంభం దగ్గర కొట్టులో రబ్బరు వాషరు కొనుక్కొచ్చి, పక్కింటి కుర్రాడి సాయంతో మార్చాను. రెండు వారాలు బాగుంది, మళ్లీ కారింది. రెండోసారి ఒక ప్లంబరును పిలిస్తే ఐదు నిమిషాల్లో వాషరు మార్చి, "నీళ్ల ఒత్తిడి ఎక్కువగా ఉంది, గట్టిగా బిగించి వాడండి" అని చెప్పి వెళ్లాడు. గట్టిగానే బిగించాం. అది పన్నెండు రోజులు ఆగింది. మూడో వాషరు వారం కూడా ఆగలేదు. ఇక కుళాయే మార్చేద్దామని అనుకుంటుండగా మా బడిలో పనిచేసే ఒకాయన, తమ వీధిలో ఉండే పెద్ద ప్లంబరును పంపించారు.

ఆయనకు అరవై దాటి ఉంటాయి. సైకిలు వెనక గోనెసంచి కట్టుకుని, ఆదివారం పొద్దున్నే వచ్చారు. సంచి విప్పలేదు. ముందు కుళాయి ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు.

"ఎక్కడినుంచి కారుతోంది మాస్టారూ?"

"కుళాయి నుంచే."

"కుళాయికి కారే చోట్లు రెండుంటాయి. తిప్పే పిడి కిందనుంచి కారితే ఒక జబ్బు, ముక్కునుంచి కారితే ఇంకో జబ్బు. రెంటికీ మందు వేరు." ఇలా అని జేబురుమాలుతో కుళాయి ముక్కు లోపల వేలు పెట్టి మరీ తుడిచారు. పిడి కింద నట్టు చుట్టూ తుడిచారు. "కట్టేశాక ముక్కులో మిగిలిన నీళ్లు కూడా ఒకటి రెండు నిమిషాలు చుక్కలు రాలతాయి. అది కారడం కాదు. తుడిచి, ఐదు నిమిషాలు ఆగితే తెలుస్తుంది."

ఆ ఐదు నిమిషాలూ మా ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ కుళాయినే చూశారు. నట్టు చుట్టూ పొడిగానే ఉంది. ముక్కు చివర మాత్రం చుక్క ఊరి, బరువెక్కి, రాలింది. పిడి దగ్గర కారితే లోపల కాడ చుట్టూ కట్టిన నార వదులైనట్టట. ముక్కునుంచి కారితే మూత సరిగా పడనట్టు.

"పాత వాషర్లు పారేశారా?"

నేను పారేసేవాణ్ణే. మా ఆవిడ ఏదీ పారేయదు. కాఫీపొడి డబ్బాలోంచి మూడూ తెచ్చి ఆయన అరచేతిలో పోసింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్కటీ కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి, నాకిచ్చారు. "మీరూ చూడండి. మూడింటికీ ఏమి పోలిక?"

ప్రతి వాషరు మీదా గాజు ఒత్తినట్టు గుండ్రటి అచ్చు పడి ఉంది. లోపల ఇత్తడి అంచు మీద వాషరు కూర్చునేటప్పుడు పడే గుర్తు అది. దాన్ని వాళ్లు సీటు అంటారు. ఆ గాజు మూడింటి మీదా ఒకే చోట తెగి ఉంది. తెగిన చోట రబ్బరు సన్నటి నరంలా పైకి ఉబ్బి ఉంది. మొదటి వాషరులో అదనంగా ఇంకొకటి కూడా కనిపించింది: రబ్బరులోకి దిగబడిపోయిన నల్లటి ఇసుక రేణువు. గోటితో తీయబోయాను, రాలేదు.

"మూడు వాషర్లకీ ఒకే దెబ్బ తగిలిందంటే దెబ్బ కొట్టింది వాషరు కాదు కదా. మీరు మూడుసార్లు చెప్పు మార్చారు. ముల్లు నేలలో ఉంది," అన్నారు.

నేను బడిలో ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తరువాత ఆయన అడిగిన ప్రశ్నకూ కుళాయికీ సంబంధం ఉందని నాకు తోచలేదు. "ఇంట్లో చేరే ముందు మేడమీద ట్యాంకు కడిగించారా?"

కడిగించాం. పాత ఇల్లు, ఎవరి నీళ్లో ఏమో అని గృహప్రవేశానికి ముందురోజే ఇద్దరు మనుషుల్ని పెట్టి వెయ్యి లీటర్ల ట్యాంకును కడిగించాను. అడుగున నాలుగు వేళ్ల ఎత్తు బురద ఉందని వాళ్లు చెబితే, మంచి పని చేశామని సంతోషించాను కూడా.

"కిందికి దిగే పైపు వాల్వు కట్టేసి కడిగారా, తెరిచే ఉంచి కడిగారా?"

నాకు తెలియదు. తెలియదన్నానంటే తెరిచే ఉందని ఆయనకు తెలిసిపోయింది.

అప్పుడు సంగతి మొదటినుంచి చెప్పుకొచ్చారు. ఇక్కడి బోరు నీళ్లతో పాటు సన్నటి ఇసుక వస్తుంది. అది ట్యాంకు అడుగున పేరుకుంటుంది. ఇంట్లోకి దిగే పైపు రంధ్రం అడుగుకు కాస్త పైన ఉంటుంది కాబట్టి, కదపనంత కాలం ఆ ఇసుక తన దారిన తాను పడి ఉంటుంది. కడిగేవాడు బ్రష్షుతో రుద్దగానే లేచి నీళ్లలో కలుస్తుంది. వాల్వు తెరిచి ఉంటే నేరుగా పైపుల్లోకి దిగుతుంది. తరువాత ఏ కుళాయి ఎక్కువ తిప్పితే దాని దగ్గరకే ఎక్కువ వస్తుంది. మా ఇంట్లో పొద్దున నలుగురి స్నానాలూ ఆ కుళాయి కిందే.

"ఒక రేణువు సీటుకూ వాషరుకూ మధ్య చిక్కుకుంది అనుకోండి. కుళాయి పూర్తిగా మూతపడదు. చుక్క పడుతుంది. అప్పుడు ఇంట్లో వాళ్లు ఏమి చేస్తారు?"

"గట్టిగా బిగిస్తారు."

"ఈ ఇంట్లో ఎవరు బాగా బిగిస్తారు?"

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మా అమ్మ ముందుకొచ్చింది. "నేనేనయ్యా. వీళ్లకు చేతుల్లో సత్తువే లేదు. నేను కట్టానంటే పిల్లలు విప్పలేరు," అంది, మెచ్చుకుంటాడేమో అన్నట్టు. మా అమ్మది చీపురుపల్లి దగ్గర పల్లె. ఏళ్ల తరబడి వీధి కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్న చెయ్యి.

ఆయన నవ్వలేదు. "అమ్మా, మీరు బిగించింది నీళ్లను కాదు, ఇసుకను. రేణువు ఇటు రబ్బరులోకీ అటు ఇత్తడిలోకీ దిగింది. ఇత్తడి మెత్తటి లోహం. గీత పడుతుంది. ఆ గీతలోంచి నీళ్లు సన్నగా, విసురుగా పోతాయి. దాంతో పాటు ఇసుకా పోతుంది. రోజులు గడిచేకొద్దీ గీత కాస్తా కాలువ అవుతుంది."

"మరి కొత్త వాషరు వేసినప్పుడు రెండు వారాలు ఎందుకు ఆగింది?" అని అడిగాను. నాకు అర్థం కానిది అదే.

"కొత్త రబ్బరు మెత్తగా ఉంటుంది. కాలువలోకి ఉబ్బి దాన్ని పూడుస్తుంది. ఆ నరంలా ఉన్నది అదే. వాడగా వాడగా రబ్బరు బిగుసుకుంటుంది, ఉబ్బిన చోట నీళ్లు కోసేస్తాయి. ప్రతిసారీ కాలువ ఇంకాస్త లోతవుతుంది కాబట్టి ప్రతిసారీ తక్కువ రోజులు ఆగుతుంది." రెండు వారాలు, పన్నెండు రోజులు, వారం. నా దగ్గర లెక్క ఉంది, అర్థమే లేకపోయింది.

రెండో ప్లంబరు చెప్పిన ఒత్తిడి మాట ఎత్తాను. ఆయన కళ్లు మొదటిసారి మెరిశాయి. "మీరు లెక్కల మాస్టారు కదా, మీరే చెప్పండి. ముప్ఫై మూడు అడుగుల ఎత్తున్న నీళ్లు చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు మోపుతాయి. మీ ట్యాంకులో నీటిమట్టం ఈ కుళాయికి పద్దెనిమిది అడుగుల పైన ఉంటుంది. సీటు రంధ్రం నా చిటికెన వేలంత, పన్నెండు మిల్లీమీటర్లు."

గోడమీదే వేలితో రాశాను. పద్దెనిమిదిని ముప్ఫై మూడుతో భాగిస్తే అరకు కాస్త పైన. రంధ్రం వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు కంటే కొంచెం ఎక్కువ. రెంటినీ గుణిస్తే దాదాపు 600 గ్రాములు. అంటే కిందనుంచి నీళ్లు వాషరును తోసే బలం, అరకిలో బెల్లం దిమ్మ మీద ఇంకో ఉండ పెట్టినంత. దాన్ని ఆపడానికి మా అమ్మ పిడికిలి, మరచుట్టు పెంచి ఇచ్చే బలంతో కలిసి, ఎన్ని కిలోలు మోపుతుందో నేను లెక్క వేయలేదు. వేయాలనిపించలేదు కూడా.

ఆ తరువాతే సంచి విప్పారు.

మేడమీదకు నన్ను పంపి వాల్వు కట్టించారు. కింద కుళాయి తెరిచి పైపులో ఉన్న నీళ్లు పోనిచ్చారు. నట్టుకు గుడ్డ చుట్టి స్పానరు వేయబోతూ ఆగి, పిడి తెరిచే ఉందని మరోసారి చూసుకున్నారు. "ఇది చాలామంది మరిచిపోతారు. కట్టేసి ఉంచి నట్టు విప్పితే వాషరు సీటు మీద నొక్కుకుని తిరుగుతుంది. ఉన్న గీత చాలదని ఇంకొకటి." పక్కింటి కుర్రాడూ నేనూ కలిసి విప్పినప్పుడు కట్టేసే విప్పామని నాకు గుర్తుంది. చెప్పలేదు.

పైభాగం ఊడి చేతికి వచ్చాక ఫోను వెలుగు లోపలికి కొట్టి చూడమన్నారు. పచ్చగా, గుండ్రంగా ఇత్తడి అంచు. నాకేమీ తేడా కనిపించలేదు. నా చిటికెన వేలు పెట్టి అంచు చుట్టూ తిప్పమన్నారు. నున్నగా పోతూ పోతూ, ఏడు గంటలు చూపే ముల్లు ఉండేచోట గోరు తట్టుకుంది. వెనక్కి తిప్పితే మళ్లీ అక్కడే. అయినా ఆయనకు తృప్తి లేదు. అంచును గుడ్డతో ఆరదుడిచి, మా అబ్బాయి పెన్నులోంచి సిరా తీసి సన్నగా పూసి, కొత్త వాషరును దానిమీద మెల్లగా ఒత్తి తీశారు. తెల్ల కాగితం మీద దాన్ని పెడితే నీలం వలయం పడింది, ఏడు గంటల దగ్గర ఖాళీ.

"ఇక అనుమానం లేదు కదా," అన్నారు. నిజానికి ఆయనకు మొదటినుంచీ లేదు. నాకోసమే అదంతా.

కుళాయి కొత్తది వేస్తే సరిపోదా అని అడిగాను. "వేయవచ్చు. కానీ మీ పైపులో ఇసుక అలాగే ఉంది, అమ్మగారి చెయ్యి అలాగే ఉంది. కొత్త కుళాయి మూడు నెలల్లో ఇలాగే అవుతుంది. గీత మరీ లోతుగా ఉన్నా, ఇత్తడి గుల్లబారి ఎర్రబడి ఉన్నా నేనే మార్చమంటాను. ఇది ఇంకా గట్టిగా ఉంది." పావు చుట్టు తిప్పితే తెరుచుకునే కొత్తరకం కుళాయిల గురించి కూడా అడిగాను. వాటిలో రబ్బరు మూతకు బదులు రెండు పింగాణీ బిళ్లలు ఒకదానిమీద ఒకటి జరుగుతాయట. ఇసుక వాటికీ శత్రువేనట, పైగా చెడిపోతే ఇలా చెక్కి బాగుచేసేది ఉండదు, లోపలి ముక్క మొత్తం మార్చాలి.

సీటును చెక్కే పనిముట్టు ఆయన సంచిలో పాత గుడ్డలో చుట్టి ఉంది. చూడటానికి కుళాయి పైభాగంలాగే ఉంటుంది, కింద వాషరు ఉండాల్సిన చోట పళ్లున్న చక్రం. దాన్ని కుళాయి మరల్లోనే బిగించారు, కాబట్టి అటూఇటూ ఊగదు. చాలా మెల్లగా, దోసెపిండి కలిపేటంత మెల్లగా, నాలుగు చుట్లు తిప్పి విప్పారు. వెలుగు వేసి చూశారు. మళ్లీ నాలుగు. గట్టిగా నొక్కి తిప్పితే పళ్లు ఎగిరెగిరి పడి సీటంతా అలలు అలలుగా తయారవుతుందట. అప్పుడు ఒక్క కాలువ స్థానంలో పది. మూడోసారి విప్పాక సిరా పూసి ఒత్తితే వలయం దగ్గర దగ్గరగా కలిసింది, వెంట్రుకంత ఖాళీ మిగిలింది. ఇంకో రెండు చుట్లు. ఈసారి పూర్తి వలయం పడింది. ఆయన కాగితం నాకిచ్చి, "ఉంచుకోండి" అన్నారు. వలయాలన్నీ వరుసగా ఉన్న ఆ కాగితం ఇప్పటికీ నా పాఠ్యపుస్తకంలో ఉంది.

ఇక ఇసుక సంగతి. పైభాగం బిగించకుండానే కుళాయి ముందు బకెట్టు అడ్డం పట్టుకుని నన్ను మేడమీదకు వెళ్లి వాల్వు తెరవమన్నారు. పది అంకెలు లెక్కపెట్టి కట్టేయమన్నారు. కిందికి దిగి వచ్చేసరికి ఆయన మోచేతుల దాకా తడిసి ఉన్నారు, బకెట్టులో నీళ్లు టీ రంగులో ఉన్నాయి. ఇలా మూడుసార్లు చేస్తే మూడోసారి తేటగా వచ్చాయి. మొదటి బకెట్టును కదపకుండా పక్కన పెట్టించారు. పావుగంట తరువాత పైనీళ్లు వంచేస్తే అడుగున గుప్పెడు ఇసుక, దానిలో చెక్కిన ఇత్తడి పొడి తళుకు. మా అమ్మ వంగి చూసి, "ఇంత ఇసుక మీద స్నానం చేశామా" అంది.

వాషరు వేయడం రెండు నిమిషాల పని. అయినా అక్కడా ఆగి, వాషరు వెనకున్న ఇత్తడి బిళ్ల కూడా చదునుగా ఉందో లేదో గోటితో చూశారు. వాషరును పట్టుకునే చిన్న నట్టును కదలకుండా ఉండేంతే బిగించారు. ఎక్కువ బిగిస్తే రబ్బరు మధ్యలో గుంటపడి అంచులు పైకి లేస్తాయట. అన్నీ కలిపి బిగించి, వాల్వు తెరిపించి, రెండు వేళ్లతో కుళాయి కట్టారు. ముక్కు తుడిచి, పొడి కాగితం ముక్క లోపల అంటించి, మళ్లీ పీట మీద కూర్చున్నారు. ఐదు నిమిషాలు గడిచినా కాగితం పొడిగానే ఉంది.

అమ్మను పిలిచి ఆమె చేత తెరిపించి కట్టించారు. "రెండు వేళ్లమ్మా. బొటనవేలు, చూపుడువేలు. నీళ్లు ఆగిన చోట చెయ్యి ఆగిపోవాలి." అమ్మ తీర్థం పట్టుకున్నంత జాగ్రత్తగా కట్టింది. నీళ్లు ఆగాయి. ఆమె ముఖంలో మాత్రం నమ్మకం కనబడలేదు.

వెళ్లబోతూ వంటింటి కుళాయి కూడా తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నట్టు వంగి విన్నారు. దీనిలోనూ ఇసుక ఉంది, కాకపోతే ఎవరూ ఇంకా బలం చూపించలేదు కాబట్టి సీటు బాగుందన్నారు. వారంపాటు రోజూ ఒకసారి పూర్తిగా తెరిచి బకెట్టు నీళ్లు పోనిమ్మన్నారు. ట్యాంకు మళ్లీ కడిగించేటప్పుడు ఏమి చేయాలో మా ఆవిడకు చెప్పారు. నీళ్లు జానెడు మిగిలేదాకా వాడుకుని, కిందికి దిగే వాల్వు కట్టేసి, అప్పుడు రుద్దించాలి. బురదనీళ్లను అడుగు బిరడా తీసి, లేకపోతే మగ్గుతో ముంచి బయట పారబోయాలి. తిరిగి నింపాక మొదటి నీళ్లు పెరటి కుళాయి గుండా వదలాలి, ఇంటి లోపలివి ఆ తరువాతే తెరవాలి. ఈ సీటును ఇంకొక్కసారి, మహా అయితే రెండుసార్లు చెక్కవచ్చట. ఆపైన ఇత్తడి పలచబడి చెక్కడానికి ఏమీ మిగలదు. మొత్తం పనికి 350 రూపాయలు తీసుకున్నారు. అందులో వాషరు పది.

ఇది జరిగి నాలుగు నెలలైంది. మగ్గు పెట్టి కొలవడం మొదటి వారం రోజూ చేశాను, తరువాత మానేశాను. మొన్న తెల్లవారుజామున మెలకువ వచ్చి లేస్తే స్నానాలగదిలో దీపం వెలుగుతోంది. అమ్మ బకెట్టు నింపుకుని, బొటనవేలు, చూపుడువేలితో కుళాయి కట్టింది. నీళ్లు ఆగాయి. చుక్క లేదు. ఆమె ఒక క్షణం దాన్నే చూసి, వెనక్కి ఒకసారి తిరిగి చూసి, ఎవరూ లేరనుకుని పిడికిలి బిగించి ఇంకో పావు చుట్టు తిప్పింది.